బిల్లు, మందు, బ్యాచ్: ఏ వివరం ఎవరిది?

కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ప్రతి నెలా ఒక జాబితా విడుదల చేస్తుంది. పరీక్షల్లో నాణ్యత లేదని తేలిన మందుల వివరాలు అందులో ఉంటాయి. మందు పేరుతో పాటు తయారుచేసిన కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు కూడా ఇస్తారు, ఎందుకంటే పరీక్షలో తప్పింది ఆ బ్యాచ్ సరుకే. జాబితా వచ్చిన రోజున హోల్‌సేల్ మందుల ఏజెన్సీ యజమాని వెంటనే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఈ బ్యాచ్ మన దగ్గర నుంచి ఏయే షాపులకు వెళ్లింది? బిల్లులన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి కదా, నిమిషంలో తెలిసిపోతుందనుకుంటాం. కానీ ఆ బిల్లుల్లోని వివరాలను ఏ టేబుల్లో, ఏ కాలమ్ కింద, ఎన్నిసార్లు రాసిపెట్టారన్నదాన్ని బట్టే జవాబు నిమిషంలో వస్తుందో, రెండు రోజులు పడుతుందో, లేక తప్పుగా వస్తుందో తేలుతుంది.

ఈ రాసిపెట్టడానికి ఒక పద్ధతి ఏర్పరచినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో ఐబీఎం వారి శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేసిన గణితజ్ఞుడు. సమాచారాన్నంతా టేబుళ్లుగా చూడవచ్చని 1970లో ఆయన ప్రతిపాదించాడు. ఒక గడిలో ఒకే విలువ ఉండాలన్న నియమం ఆ పత్రంలోనే ఉంది. ఇప్పుడు దాన్ని ఫస్ట్ నార్మల్ ఫామ్ అంటున్నాం. మరుసటి ఏడాది రాసిన పత్రంలో సెకండ్, థర్డ్ నార్మల్ ఫామ్‌లను చేర్చాడు. కాలేజీల్లో వీటిని నిర్వచనాలుగా బట్టీ పట్టిస్తారు. మన ఏజెన్సీ బిల్లుల మీద పెట్టి చూస్తే అవి దేనికోసం పుట్టాయో తెలుస్తుంది.

ముందు ఫస్ట్ నార్మల్ ఫామ్. చాలామంది ఎక్సెల్‌లో బిల్లుకు ఒక వరుస చొప్పున రాస్తారు. బిల్లు నంబరు, తేదీ, షాపు, ఆ పక్కన ‘సరుకు’ అని ఒక కాలమ్. ఆ గడిలో మందులన్నీ కామాలు పెట్టి, బ్రాకెట్లలో బ్యాచ్‌లతో సహా వరసగా ఉంటాయి. మనిషి చదువుకోవడానికి బాగానే ఉంటుంది. P23 అనే బ్యాచ్ ఎక్కడుందో వెతకమంటే మాత్రం కంప్యూటర్‌కు మిగిలిన దారి ఒకటే, ఆ గడిలో ఎక్కడైనా ఆ అక్షరాలు కనిపిస్తాయేమో చూడటం.

```sql
WHERE goods LIKE '%P23%'
```

ఇలా వెతికితే P23తో పాటు P231, P238, AP230 అన్నీ వచ్చిపడతాయి. తప్పు లేని సరుకు పుచ్చుకున్న షాపులకు ఫోన్లు వెళ్తాయి. గుమాస్తా ఎప్పుడైనా P-23 అనో P 23 అనో కొట్టి ఉంటే అసలు వెళ్లాల్సిన షాపు జాబితాలో రాకుండా పోతుంది. ఈ రెండోది మొదటిదానికంటే ప్రమాదం.

దీన్ని తప్పించుకోవాలని కొందరు మందు1, మందు2, మందు3 అంటూ కాలమ్‌లు పెంచుతారు. ఆరో మందు వచ్చిన రోజున కొత్త కాలమ్ కావాలి. ఒక బ్యాచ్‌ను వెతకాలంటే ప్రతి కాలమ్‌లోనూ విడివిడిగా వెతకాలి. పైకి గడికి ఒక విలువే ఉన్నట్టున్నా జాబితా అలాగే ఉంది, నిలువునా ఉండాల్సింది అడ్డంగా పరుచుకుందంతే. సరైన దారి బిల్లులో ఉన్న ఒక్కో సరుకుకు ఒక్కో వరుస కేటాయించడం.

గడిలో ఒకే విలువ అంటే ఎంతవరకు విడగొట్టాలన్న సందేహం న్యాయమైనదే. ‘పారాసిటమాల్ 650’లో పేరు, మోతాదు రెండూ ఉన్నాయి కదా అనొచ్చు. మోతాదును బట్టి వెతకడం, లెక్క కట్టడం మీ పనిలో ఉంటే విడగొట్టండి. ఎప్పుడూ ఆ రెండింటినీ కలిపే వాడుతుంటే ఒకటిగా ఉంచినా నష్టం లేదు. నా దృష్టిలో పరీక్ష ఇదే: గడి లోపలికి చెయ్యి పెట్టి సగం తీయాల్సిన అవసరం మీకు వస్తుందా?

ఇలా వరుసలుగా విడగొట్టాక మన టేబుల్ ఈ రూపంలోకి వస్తుంది.

```
bill  med  batch  bdate       shop  mname            expiry   qty  gst
4101  M07  P231   2025-09-18  S12   Paracetamol 650  2027-03   50   12
4101  M07  P240   2025-09-18  S12   Paracetamol 650  2027-06   30   12
4101  M19  K88    2025-09-18  S12   Metformin 500    2027-01  100   12
4102  M07  P231   2025-09-18  S30   Paracetamol 650  2027-03   20   12
4150  M07  P240   2025-09-24  S12   Paracetamol 650  2027-06   40    5
```

ఇందులో ఒక వరుసను మిగతావాటి నుంచి వేరుచేసి చూపించేది ఏది? బిల్లు నంబరు ఒక్కటీ చాలదు, 4101 మూడు వరుసల్లో ఉంది. బిల్లు నంబరు, మందు కోడ్ కలిపితే చాలుతుందని మొదట అనిపిస్తుంది. కానీ ఒక బ్యాచ్ అయిపోతే మిగతా సరుకు ఇంకో బ్యాచ్ నుంచి ఇవ్వడం ఏజెన్సీల్లో రోజూ జరిగేదే. 4101లో పారాసిటమాల్ 50 స్ట్రిప్పులు P231 నుంచి, 30 స్ట్రిప్పులు P240 నుంచి వెళ్లాయి. అందువల్ల బిల్లు, మందు, బ్యాచ్ మూడూ కలిస్తేనే వరుస ఖాయమవుతుంది. ఇలా ఒకటికి మించిన కాలమ్‌లు కలిసి కీ అయితే దాన్ని కాంపోజిట్ కీ అంటారు. పదికి ఒకటి ఫ్రీ అనే స్కీములో ఆ ఫ్రీ స్ట్రిప్పును సున్నా రేటుతో ఇంకో వరుసగా రాసే అలవాటు ఉంటే ఈ కీ కూడా చాలదు. ఫ్రీ సరుకుకు విడిగా ఒక కాలమ్ పెట్టుకుంటే ఆ చిక్కు ఉండదు. ఏది కీ అనేది కంప్యూటర్ చెప్పలేదు, వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లే చెప్పాలి.

ఈ టేబుల్ ఫస్ట్ నార్మల్ ఫామ్‌లో ఉంది. ప్రతి గడిలో ఒకే విలువ ఉంది, కీ ఉంది. అయినా రోగం పూర్తిగా పోలేదు. P231 ఎక్స్‌పైరీ ఎన్ని చోట్ల రాసి ఉందో చూడండి. ఇక్కడ రెండు వరుసలే కనిపిస్తున్నాయి. నిజమైన ఏజెన్సీలో ఒక బ్యాచ్ వందల బిల్లుల్లోకి వెళ్తుంది, ఎక్స్‌పైరీ కూడా వందల చోట్ల పడుతుంది. ఎవరో ఒకచోట 2027-03 బదులు 2027-08 కొడితే ఒకే బ్యాచ్‌కు రెండు ఎక్స్‌పైరీలు ఏర్పడతాయి. ఏది నిజమో టేబుల్‌ను చూసి తేల్చలేం. స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని చూడాల్సిందే, ఆ స్ట్రిప్పు అప్పటికే అమ్ముడైపోయి ఉంటుంది.

మరో ఇబ్బంది. ఇవాళ గోడౌన్‌కు కొత్త బ్యాచ్ వచ్చింది, ఇంకా ఎవరికీ అమ్మలేదు. దాని ఎక్స్‌పైరీ ఎక్కడ రాయాలి? వరుస రాయాలంటే బిల్లు నంబరు ఉండాలి, బిల్లు ఇంకా పుట్టలేదు. కొందరు 0000 అనే దొంగ బిల్లు సృష్టించి రాస్తారు. నెలాఖరు లెక్కల్లో అది అమ్మకంగా తేలుతుంది. ఇక తీసేసేటప్పుడు వచ్చే నష్టం వేరు. షాపువాళ్లు 4101ను రద్దు చేసుకున్నారని ఆ మూడు వరుసలూ కొట్టేస్తే, K88 బ్యాచ్ ఎక్స్‌పైరీ కూడా వాటితోనే పోతుంది. అది మరెక్కడా రాసి లేదు.

ఈ మూడు ఇబ్బందులకూ మూలం ఒకటే. ఎక్స్‌పైరీ అనేది మందుకూ బ్యాచ్‌కూ సంబంధించిన సంగతి. దానికి బిల్లుతో పనిలేదు. మనం దాన్ని తీసుకొచ్చి బిల్లు కూడా భాగమైన కీ కింద కూర్చోబెట్టాం. కీ మొత్తం అవసరం లేకుండా, దానిలో కొంత భాగం తెలిస్తేనే ఒక కాలమ్ విలువ ఖాయమైపోతే దాన్ని పార్షియల్ డిపెండెన్సీ అంటారు. కీలో భాగం కాని ఏ కాలమ్‌కూ అలాంటి సంబంధం లేకుండా చూడమనేదే సెకండ్ నార్మల్ ఫామ్.

దీన్ని పట్టుకోవడం ఎలా? ఒక్కో కాలమ్ తీసుకుని, కీలోని ఒక్కో భాగాన్ని వేలితో మూసి చూడాలి. మూసినా విలువ ఖాయంగా చెప్పగలిగితే ఆ భాగం అక్కర్లేదన్నమాట. అప్పుడు మిగిలిన వాటిలో ఇంకొకటి మూసి చూడాలి.

ఎక్స్‌పైరీతో మొదలుపెడదాం. బిల్లును మూస్తే M07, P231 మిగులుతాయి. ఎక్స్‌పైరీ 2027-03 అని చెప్పేయవచ్చు. కాబట్టి బిల్లు అక్కర్లేదు. ఇప్పుడు బ్యాచ్‌ను కూడా మూస్తే M07 ఒక్కటే మిగిలింది, దానికి రెండు తేదీలున్నాయి. బ్యాచ్ కావాల్సిందే. మందును మూస్తే? P231కు ఈ టేబుల్లో ఒకే తేదీ కనిపిస్తోంది. కానీ బ్యాచ్ నంబర్లు ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకునేవి. రెండు కంపెనీల మందులకు ఒకే నంబరు పడకూడదని ఏమీ లేదు. కనుక మందు, బ్యాచ్ రెండూ కావాలి. మూడు భాగాల కీలో రెండు భాగాల మీద ఆధారపడిన కాలమ్ ఇది. పుస్తకాల్లో ఉదాహరణలన్నీ రెండు భాగాల కీలతో ఉండటం వల్ల, పార్షియల్ అంటే కీలో ఒక్క కాలమ్ మీదే ఆధారపడటమని అనుకునేవాళ్లు ఎక్కువ. ఎక్స్‌పైరీ లాంటివి వాళ్ల కన్నుగప్పేది అందుకే.

మందు పేరు, బిల్లు తేదీ, షాపు తేలికైనవి. మందు పేరుకు మందు కోడ్ ఒక్కటీ చాలు. తేదీకి, షాపుకు బిల్లు నంబరు ఒక్కటీ చాలు. మూడూ పార్షియల్ డిపెండెన్సీలే.

పరిమాణం సంగతి చూడండి. బిల్లును మూస్తే M07, P231కు 50, 20 రెండున్నాయి. బ్యాచ్‌ను మూస్తే 4101, M07కు 50, 30 ఉన్నాయి. మందును మూస్తే 4101, P231కు 50 ఒక్కటే కనిపిస్తోంది. ఇక్కడ తొందరపడి పరిమాణానికి బిల్లు, బ్యాచ్ చాలని రాసేస్తే పొరపాటు. ఇంకో కంపెనీ మందుకు P231 నంబరు పడి, అది ఇదే బిల్లులోకి వచ్చిన రోజున లెక్క తప్పుతుంది. కనిపిస్తున్న వరుసలు ఒక సంబంధం లేదని మాత్రమే నిరూపించగలవు. ఉందని నిరూపించలేవు. ఉందని చెప్పాల్సింది సరుకు సంగతి తెలిసిన మనిషి.

టేబుల్ పెద్దదైతే వేలితో మూసి చూడటం కుదరదు, ఆ పని కంప్యూటర్‌తో చేయించవచ్చు.

```sql
SELECT med, batch
FROM   bill_lines
GROUP  BY med, batch
HAVING COUNT(DISTINCT expiry) > 1;
```

ఒకే మందు, ఒకే బ్యాచ్‌కు ఒకటికి మించిన ఎక్స్‌పైరీలు ఎక్కడున్నాయో ఇది చూపిస్తుంది. ఏమీ రాకపోతే మన అనుమానానికి ఎదురు సాక్ష్యం లేదని అర్థం, అంతవరకే. నాలుగైదు వరుసలు వస్తే వాటికి రెండు రకాల అర్థాలు ఉండవచ్చు. మనం అనుకున్న సంబంధమే తప్పై ఉండాలి, లేదా సంబంధం నిజమే అయినా టైపింగ్ తప్పుల వల్ల ఆ గడులు చెడిపోయి ఉండాలి. లక్ష వరుసల్లో ఐదు మాత్రమే తేడా పడ్డాయంటే సాధారణంగా రెండోదే. ఆ ఐదింటినీ గోడౌన్ మనిషికి చూపించి అడగండి. సంబంధం లేదని వదిలేస్తే, ఆ తప్పులే మీ టేబుల్ రూపాన్ని నిర్ణయించినట్టవుతుంది.

ఇప్పటిదాకా వదిలేసిన కాలమ్ ఒకటుంది, జీఎస్టీ. ఈ టేబుల్లో అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది అదే. పారాసిటమాల్‌కు పన్ను ఎంతో చెప్పడానికి మందు పేరు తెలిస్తే చాలదా? 2025 సెప్టెంబరు 21 దాకా ఎవరినడిగినా చాలుననే చెప్పేవారు, 12 శాతమని. అప్పటి వరుసలన్నీ కంప్యూటర్‌తో పరీక్షించినా ఎదురు సాక్ష్యం దొరికేది కాదు. అందుకని పన్నును మందుల టేబుల్లోకి, మందు పేరు పక్కకు మార్చారనుకుందాం. సెప్టెంబరు 22న చాలా మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. గుమాస్తా మందుల టేబుల్లో 12ను 5గా దిద్దాడు. మర్నాడు షాపువాళ్లు 18వ తేదీ బిల్లు 4101 కాపీ అడిగితే, అది 5 శాతంతో ప్రింటయింది. షాపువాళ్ల దగ్గరున్న అసలు బిల్లులో 12 ఉంది. రెండు కాగితాలకూ నంబరొకటే, మొత్తాలు వేరు.

మన టేబుల్లో 4101లో 12, 4150లో 5 ఉన్నాయి. కాబట్టి మందు ఒక్కటీ చాలదు, బిల్లు కూడా కావాలి. బ్యాచ్ కావాలా? ఒకే బిల్లులో ఒకే మందు రెండు బ్యాచ్‌లుగా వెళ్లినా పన్ను ఒక్కటే. కాబట్టి పన్నుకు బిల్లు, మందు చాలు. కచ్చితంగా చెప్పాలంటే ఇదీ పార్షియల్ డిపెండెన్సీయే. ఇంకొంచెం లోతుకు వెళ్తే, బిల్లు నంబరుకు ఇక్కడ సొంతంగా చేసే పనేమీ లేదు, అది తేదీని చెబుతోందంతే. పన్నును నిజంగా నిర్ణయించేవి మందు, తేదీ. అందువల్ల ఏ మందుకు ఏ తేదీ నుంచి ఎంత శాతమన్నది విడి టేబుల్లో ఉంచడం నాకు సరైనదనిపిస్తుంది. M07కు అందులో రెండు వరుసలుంటాయి. పాత వరుసలో ఏదీ దిద్దే పనిలేదు, కొత్త రేటు కొత్త వరుసగా వస్తుంది.

ఆ రోజున షాపు దగ్గర వాస్తవంగా ఎంత వసూలు చేశారో రుజువుగా ఉండాలని పన్ను శాతాన్ని బిల్లు వరుసలోనే ఉంచే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. తెలిసి చేస్తే అది తప్పు కాదు. గుమాస్తా 23వ తేదీన పొరపాటున 12 వేసి ఉంటే, ఆ బిల్లులో 12 అనే ఉండాలి, ఎందుకంటే జరిగింది అదే. అలా ఉంచినవాళ్లు ఆ కాలమ్‌కు ‘మందు పన్ను’ అని కాకుండా ‘వసూలు చేసిన పన్ను’ అని పేరు పెడితే తర్వాత వచ్చేవాళ్లకు అనుమానం ఉండదు. అమ్మిన రేటుకూ ఇదే వర్తిస్తుంది. ఇవాళ్టి రేటు వేరు, ఆ బిల్లులో ఆ బ్యాచ్‌కు వేసిన రేటు వేరు. రెండోదానికి కీ మొత్తం కావాలి, దాన్ని బిల్లు వరుసలోంచి కదపకూడదు.

విడగొట్టడం ఇక కష్టమేమీ కాదు. కీలో ఏ భాగం మీద ఆధారపడిందో ఆ భాగాన్నే కీగా పెట్టి, దాని కాలమ్‌లను విడి టేబుల్లోకి తీసుకెళ్లాలి.

```
bills       (bill, bdate, shop)
medicines   (med, mname)
batches     (med, batch, expiry)
gst_rates   (med, from_date, gst)
bill_lines  (bill, med, batch, qty, rate)
```

బిల్లు వరుసల్లో కీతో పాటు పరిమాణం, రేటు మాత్రమే మిగిలాయి. P231 ఎక్స్‌పైరీ ఇప్పుడు ఒక్క చోటే ఉంది. అమ్మని బ్యాచ్‌ను కూడా వచ్చిన రోజే రాసుకోవచ్చు. 4101ను కొట్టేసినా K88 వివరం చెక్కుచెదరదు. ఇవన్నీ కలిపితే పాత వరుసలు అలాగే తిరిగి వస్తాయి, ఒక్క వివరం పోదు. ఇక నాణ్యత లేని బ్యాచ్ వెళ్లిన షాపులు కావాలంటే:

```sql
SELECT DISTINCT b.shop
FROM   bill_lines l JOIN bills b ON b.bill = l.bill
WHERE  l.med = 'M07' AND l.batch = 'P231';
```

జవాబు S12, S30. మన ఉదాహరణలో ఫోన్ చేయాల్సింది ఆ రెండు షాపులకే.

ఈ విషయంలో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల నోట ఒక మాట తరచూ వస్తుంటుంది. ‘ప్రతి వరుసకూ 1, 2, 3 అని ఐడీ నంబరు ఇచ్చేశాం. కీ ఒక్క కాలమే కాబట్టి పార్షియల్ డిపెండెన్సీ రానే రాదు’ అంటారు. ఈ వాదన నిలవదు. ఐడీ పెట్టినా బిల్లు, మందు, బ్యాచ్ కలిసి ఇప్పటికీ వరుసను ఖాయం చేస్తూనే ఉన్నాయి, అవీ కీయే. సెకండ్ నార్మల్ ఫామ్ అలాంటి ప్రతి కీనీ లెక్కలోకి తీసుకుంటుంది. పైగా ఐడీ మాత్రమే ఉండి ఆ మూడింటి మీద యూనిక్ నిబంధన లేకపోతే, ఒకే సరుకు రెండుసార్లు ఎక్కినా కంప్యూటర్ అడ్డుచెప్పదు.

సెకండ్ నార్మల్ ఫామ్‌కు అందనివీ ఉన్నాయి. బిల్లుల టేబుల్లో షాపు కోడ్ పక్కన షాపు ఊరు కూడా రాశారనుకోండి. అక్కడ కీ బిల్లు నంబరు ఒక్కటే, అందులో భాగమంటూ లేదు, కాబట్టి ఈ పరీక్షలో ఆ టేబుల్ నెగ్గుతుంది. అయినా ఊరు ఆధారపడేది బిల్లు మీద కాదు, షాపు మీద. షాపు ఊరు మారితే అన్ని బిల్లులూ దిద్దాలి. దాన్ని పట్టుకోవడం థర్డ్ నార్మల్ ఫామ్ పని.

మందుల వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈ వారం ఒక పని చేయండి. 2025 సెప్టెంబరు 22కు ముందు 12 శాతం పన్నుతో ఇచ్చిన బిల్లు ఒకటి తీసి, మీ సాఫ్ట్‌వేర్‌లోంచి దాని కాపీ మళ్లీ ప్రింట్ చేయండి. దాని మీద 12 బదులు 5 పడితే, మీ జీఎస్టీ శాతం మందుల టేబుల్లో కూర్చుని ఉందన్నమాట. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లను పిలిచి, తేదీతో పాటు పన్ను రేట్లు దాచే విడి టేబుల్ పెట్టమని అడగండి.